ఒక పేజీ పెట్టుబడి విధానం: కొనడానికి, అమ్మడానికి, రీబ్యాలెన్సింగ్‌కి నియమాలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

2020 మార్చిలో మార్కెట్లు కుప్పకూలుతున్నప్పుడు నా ఈక్విటీ ఫండ్లలో సగం ఒక్క రాత్రిలో అమ్మేశాను. అప్పటికి రెండు వారాలుగా సరిగా నిద్ర లేదు. అమ్మిన రోజు హాయిగా అనిపించింది. తర్వాత మార్కెట్ లేచింది. "ఇంకోసారి పడుతుంది, అప్పుడు కొందాం" అనుకుంటూ కూర్చున్నాను, అది పడలేదు. చివరికి అమ్మిన ధర కంటే బాగా ఎక్కువ ధరకి తిరిగి కొన్నాను. మార్కెట్ గురించి నాకు తెలియనిదేమీ అందులో లేదు. పడుతుందనీ తెలుసు, లేస్తుందనీ తెలుసు. ఆ రాత్రి ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోకపోవడమే నేను చేసిన తప్పు. ఆ తర్వాత ఒక పేజీ రాసుకున్నాను. దాని గురించి స్నేహితులు, బంధువులు అడిగిన ప్రశ్నలకు ఇవి నా జవాబులు.

ఈ పేజీ అంటే అసలు ఏమిటి?

మీ డబ్బుని ఎందుకు, ఎక్కడ, ఎంత వాటాల్లో పెడతారో, ఏం జరిగితే కొంటారో, ఏం జరిగితే అమ్ముతారో, వాటాలు గాడి తప్పితే ఎలా సరిచేస్తారో మనసు నిలకడగా ఉన్న రోజున రాసి, తేదీ వేసి, సంతకం పెట్టిన కాగితం. పెన్షన్ ఫండ్లు, విశ్వవిద్యాలయాల నిధులు ఇలాంటిది ఎప్పటినుంచో రాసుకుంటున్నాయి. వాళ్ల పత్రాలు పదుల పేజీలు ఉంటాయి, ఎందుకంటే నిర్ణయం తీసుకునే మనుషులు మారుతూ ఉంటారు. మన ఇంట్లో మనిషి మారడు, కానీ మార్కెట్ పెరిగినప్పుడు ఉండే మనిషి వేరు, పడినప్పుడు ఉండే మనిషి వేరు. ఆ ఇద్దరికీ మధ్య ఒప్పందం ఈ పేజీ.

రాసిన నియమం పనికొస్తుందో లేదో చూడడానికి నేను ఒకటే పరీక్ష వాడతాను. ఆ కాగితం, మీ ఖాతా వివరాలు కలిపి మీకు పరిచయం లేని మనిషి చేతికిస్తే, మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అతను దాన్ని అమలు చేయగలగాలి. "మార్కెట్ బాగా పడితే ఇంకొంచెం కొంటాను" అన్నది ఈ పరీక్షలో నిలబడదు. బాగా అంటే ఎంత? ఇంకొంచెం అంటే ఎంత? ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? జవాబు లేని ప్రతి చోటా ఆ రోజు భయమో ఆశో వచ్చి కూర్చుంటుంది.

ఒక్క పేజీయే ఎందుకు?

కంగారుగా ఉన్నప్పుడు రెండో పేజీ ఎవరూ తిప్పరు కాబట్టి.

పైన మొదట ఏం రాయాలి?

ఈ డబ్బు దేనికి, ఎప్పుడు కావాలి అన్నది. "సంపద పెంచుకోవడానికి" అని రాస్తే ఏ నిర్ణయమైనా దానికి సరిపోతుంది. "2041లో ఉద్యోగం మానేశాక నెలవారీ ఖర్చులకి" అని రాస్తే, ఈ నెల మార్కెట్ ఎలా ఉందన్నది దానంతట అదే చిన్నదైపోతుంది.

దాని కిందే, ఈ పేజీ పరిధిలోకి రాని డబ్బు ఏదో కూడా ఒక వాక్యం రాయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, రాబోయే మూడేళ్లలో తప్పకుండా కావలసిన మొత్తం, ఇవి బయట ఉండాలి. మార్కెట్ పడినప్పుడు అమ్మేసే వాళ్లలో కొంతమందికి ధైర్యం లేక కాదు, ఆ నెల డబ్బు అవసరమై అమ్మాల్సి వస్తుంది. అవసరానికి కావలసిన డబ్బు విడిగా లేకపోతే మిగతా నియమాలు ఎంత బాగా రాసినా నిలబడవు.

ఈక్విటీలో ఎంత, బాండ్లలో ఎంత అన్నది ఎలా తేల్చుకోవాలి?

ఎంత లాభం వస్తుందన్న వైపు నుంచి కాకుండా, ఎంత నష్టం చూడగలనన్న వైపు నుంచి రండి. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ సుమారు 57 శాతం పడింది. పాత గరిష్ఠాన్ని మళ్లీ అందుకునేసరికి 2013 వచ్చింది. కాబట్టి మీ ఈక్విటీ భాగం ఎప్పుడో ఒకప్పుడు సగం అవుతుందనే లెక్క వేసుకోవాలి.

మొత్తం పది లక్షలు అనుకుందాం. అందులో 60 శాతం ఈక్విటీ అయితే ఆరు లక్షలు. అది సగమైతే మూడు లక్షలు పోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు శాతాలు పక్కన పెట్టి, "నా ఖాతాలో పది లక్షలకి బదులు ఏడు లక్షలు కనిపిస్తున్నాయి, రెండేళ్లుగా అలాగే ఉంది" అని కాగితం మీద రాసి చూడండి. ఆ వాక్యం చదివి కడుపులో తిప్పినట్టయితే 60 మీ సంఖ్య కాదు. 40 పెట్టి చూడండి, అప్పుడు రెండు లక్షల నష్టం. ఇక్కడ శాతాల కంటే మొత్తాలే నిజం చెప్తాయి. 30 శాతం అంటే ఎవరైనా తలూపుతారు, మూడు లక్షలు అంటే ఆగి ఆలోచిస్తారు.

కొనే నియమాలు ఎలా ఉండాలి?

కొనే నియమంలో మూడు విషయాలు ఉంటే చాలు. ఏ రోజున, ఎంత, ఎందులో. నా పేజీలో ఉన్నది ఇది: "ప్రతి నెల 5వ తేదీన 20,000. లక్ష్య వాటా కంటే ఎక్కువ వెనకబడిన దానిలోకి మొత్తం వెళ్తుంది." తేదీ ఉంది కాబట్టి ఈరోజా రేపా అన్న చర్చ లేదు. వెనకబడిన దానిలోకి అని ఉంది కాబట్టి, ఏది పెరుగుతుందో ఊహించే పని లేదు.

అనుకోకుండా పెద్ద మొత్తం చేతికొచ్చినప్పుడు ఏం చేస్తారో కూడా ముందే రాయండి. ఒకేసారి పెట్టడమా, ఆరు నెలలు సమాన భాగాలుగా పెట్టడమా అన్నదానిలో రెండూ తప్పు కాదు. మార్కెట్లు పడే కాలం కంటే పెరిగే కాలమే ఎక్కువ కాబట్టి సగటున ఒకేసారి పెట్టడమే కొంచెం మెరుగు. కానీ పెట్టిన మరుసటి నెలే పడితే మీరు తట్టుకోలేరనుకుంటే ఆరు భాగాలు చేయండి. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదన్నది మాత్రం నియమంలో ఉండాలి. మూడో నెలలో మార్కెట్ పడితే "ఆగి చూద్దాం" అనిపిస్తుంది, భాగాలు చేసిందే ఆ నెల కోసం.

ఎవరో ఒక షేరు గురించి గట్టిగా చెప్పారు. దాన్ని కొనాలనిపిస్తే?

ఆ కోరికని పూర్తిగా నిషేధించే నియమం ఎక్కువ కాలం నిలవదు. దానికి ఒక చిన్న గది కట్టండి. మొత్తంలో 5 శాతం మించకుండా ఒక విడి ఖాతా, అందులో మీ ఇష్టం. షరతులు రెండే. అందులో డబ్బు పోతే మళ్లీ నింపకూడదు. లాభం వచ్చి 5 శాతం దాటితే, దాటిన భాగం ప్రధాన ఖాతాలోకి రావాలి.

ప్రధాన ఖాతాలో కొత్త రకం పెట్టుబడి చేర్చాలనుకుంటే మాత్రం 30 రోజులు ఆగడం నియమం. ఆ 30 రోజుల్లో మూడు వాక్యాలు రాయాలి. ఇది ఎందుకు కొంటున్నాను, ఇది ఏ వాటా స్థానంలోకి వస్తుంది, ఏం జరిగితే నా ఆలోచన తప్పని ఒప్పుకుంటాను. మూడో వాక్యం చాలామందికి రాదు. అది రాకపోతే కొనడానికి కారణం కూడా లేనట్టే. నా విషయంలో ఇలా మొదలైన ఆలోచనల్లో ఎక్కువ భాగం నెల తిరిగేసరికి చల్లబడ్డాయి. నేను వాటిని తిరస్కరించింది లేదు, మళ్లీ గుర్తు రాలేదంతే.

అమ్మే నియమాలు రాయడం ఎందుకంత కష్టంగా ఉంటుంది?

కొనేటప్పుడు మన దగ్గర ఆశ ఒక్కటే ఉంటుంది. అమ్మేటప్పుడు కొన్న ధర గుర్తుంటుంది, మధ్యలో చూసిన గరిష్ఠ ధర గుర్తుంటుంది, ఇంట్లో చెప్పిన మాట గుర్తుంటుంది. ఇవన్నీ గతం. మార్కెట్‌కి ఇవేవీ తెలియవు.

ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది. పెరిగినవి తొందరగా అమ్మేసి, పడినవి "కొన్న ధరకి వస్తే అమ్ముతా" అని పట్టుకుని కూర్చోవడం. హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అనే ఆర్థికవేత్తలు 1985లో ఈ ధోరణికి ఒక పేరు పెట్టి వివరించారు. 1998లో టెరెన్స్ ఓడీన్ ఒక అమెరికన్ బ్రోకరేజ్ సంస్థలోని 10,000 ఖాతాల లావాదేవీలు పరిశీలించి దాన్ని సంఖ్యల్లో చూపించాడు. లాభంలో ఉన్న షేర్లని అమ్మే రేటు, నష్టంలో ఉన్నవాటిని అమ్మే రేటు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. ఆ పైన, వాళ్లు అమ్మేసిన లాభాల షేర్లు తర్వాతి ఏడాదిలో, వాళ్లు ఉంచుకున్న నష్టాల షేర్ల కంటే సగటున మెరుగ్గా రాణించాయి.

అందుకే నా పేజీలో అమ్మడానికి ఒప్పుకున్న కారణాలు నాలుగే. ఒకటి, రీబ్యాలెన్సింగ్, అంటే గాడి తప్పిన వాటాలని మళ్లీ లక్ష్యానికి తేవడం. రెండు, అనుకున్న లక్ష్యం దగ్గరపడి డబ్బు కావలసి రావడం. మూడు, కొన్న రోజు రాసుకున్న "ఏం జరిగితే నా ఆలోచన తప్పు" అన్న వాక్యం నిజం కావడం. నాలుగు, అదే పని చేసే ఫండ్ అంతకంటే తక్కువ ఖర్చుకి దొరకడం. ధర పడింది, ధర బాగా పెరిగింది, వార్త వచ్చింది, ఫలానావాళ్లు అమ్మేశారు, ఇవేవీ ఆ జాబితాలో లేవు. లేని కారణంతో అమ్మకూడదు. ఇంత కటువుగా రాయకపోతే అయిదో కారణం ప్రతి నెలా ఒకటి పుడుతుంది.

మూడో కారణాన్ని కొంచెం విడమరిచి చెప్పాలి. సూచీని అనుసరించే ఫండ్ కొన్నారనుకోండి. దాని విషయంలో తప్పు అంటే ధర పడడం కాదు. ఫండ్ ఖర్చు మీరు రాసుకున్న హద్దు దాటడం, అనుసరించే సూచీ మారిపోవడం, లేదా సూచీ రాబడికీ ఫండ్ రాబడికీ మధ్య తేడా రెండేళ్లు వరుసగా మీరు పెట్టుకున్న పరిమితి మించడం. ఇవన్నీ చూసి చెప్పగలిగే విషయాలు. "యాజమాన్యం మీద నమ్మకం పోయింది" అన్నది చూసి చెప్పగలిగేది కాదు, అనిపించేది.

లక్ష్యం దగ్గరపడినప్పుడు అమ్మడానికి కూడా తేదీలుండాలి. డబ్బు కావలసిన సంవత్సరానికి అయిదేళ్ల ముందు నుంచి ఏటా ఒకే నెలలో ఈక్విటీ లక్ష్య వాటాని కొన్ని పాయింట్లు తగ్గించడం ఒక పద్ధతి. 60 నుంచి 50, 40, 30, 20, 10 అని రాసేసుకుంటే "ఈ ఏడాది మార్కెట్ బాగుంది, ఇంకొన్నాళ్లు ఉంచుదాం" అన్న మాటకి చోటుండదు.

స్టాప్ లాస్ పెడితే సరిపోదా?

స్టాప్ లాస్ అంటే ధర ముందే పెట్టిన స్థాయికి పడగానే దానంతట అదే అమ్మేసే ఆదేశం. రోజువారీ ట్రేడింగ్ చేసేవాళ్లకి అది అవసరం. ఇరవై ఏళ్ల కోసం పెట్టిన విస్తృత సూచీ ఫండ్ విషయంలో అది సరిగ్గా పడిన రోజున అమ్మించి, తిరిగి ఎప్పుడు కొనాలో చెప్పకుండా వదిలేస్తుంది. 2020 మార్చిలో నేను చేసింది అదే, చేత్తో చేశాను.

రీబ్యాలెన్సింగ్ ఎంత తరచుగా చేయాలి?

రెండు పద్ధతులున్నాయి. ఏటా ఒక తేదీన సరిచేయడం, లేదా వాటా ఒక హద్దు దాటినప్పుడు సరిచేయడం. నేను రెండూ కలిపి వాడతాను. నెలకొకసారి, 5వ తేదీన మాత్రమే వాటాలు చూస్తాను. ఏదైనా లక్ష్యం నుంచి 5 పాయింట్లు తప్పి ఉంటే సరిచేస్తాను. లేకపోతే మూసేస్తాను. 60 శాతం లక్ష్యమైతే హద్దులు 55, 65.

"5వ తేదీన మాత్రమే" అన్న మాటే ఇందులో అసలు పని చేస్తుంది. 17వ తేదీన మార్కెట్ ఎలా ఊగినా ఆ రోజు మీరు తీసుకోవలసిన నిర్ణయం ఏదీ లేదు. ఖాతా తెరిచినా చేయడానికి ఏమీ లేదని తెలిశాక, తెరవడం దానంతట అదే తగ్గింది.

ఒక ఉదాహరణతో లెక్క చూపిస్తారా?

2020లో జరిగినదాన్నే తీసుకుందాం. ఎస్ అండ్ పీ 500 ఫిబ్రవరి 19న గరిష్ఠంలో ఉంది. మార్చి 23కి సుమారు 34 శాతం పడింది. ఆగస్టు 18న పాత గరిష్ఠం దాటి ముగిసింది. లెక్క తేలిగ్గా ఉండడానికి బాండ్ల విలువ కదలలేదనీ, ఆర్నెల్లలో కొత్త డబ్బేమీ కలపలేదనీ అనుకుందాం.

మొదట పది లక్షలు. ఈక్విటీ ఆరు లక్షలు, బాండ్లు నాలుగు లక్షలు. హద్దు ఎప్పుడు దాటుతుంది? ఈక్విటీ సుమారు 18.5 శాతం పడినప్పుడు దాని విలువ 4,89,000 అవుతుంది, మొత్తంలో వాటా 55 శాతానికి దిగుతుంది. అంటే 10 శాతం పతనానికి ఈ నియమం కదలదు. అది లోపం కాదు, అలాగే ఉండాలి. పది శాతం పడడం మామూలుగా జరుగుతూనే ఉంటుంది, ప్రతిసారీ కదిలితే ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

34 శాతం పడ్డాక ఈక్విటీ 3,96,000. బాండ్లు నాలుగు లక్షలు. మొత్తం 7,96,000. ఈక్విటీ వాటా 49.7 శాతం. నియమం ప్రకారం మళ్లీ 60కి తేవాలి. 7,96,000లో 60 శాతం 4,77,600. కాబట్టి బాండ్లలోంచి 81,600 తీసి ఈక్విటీ కొనాలి. ఆ రోజు అందరూ అమ్ముతుంటారు, వార్తలన్నీ చెడ్డవే ఉంటాయి. అయినా మీరు చేయవలసింది ఒక తీసివేత, ఒక కూడిక.

మార్కెట్ పాత స్థాయికి వచ్చాక ఆ 4,77,600 దాదాపు 7,23,600 అవుతుంది. బాండ్లు 3,18,400. మొత్తం 10,42,000. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లకి పది లక్షలు ఉంటాయి. అడుగున ఈక్విటీ మొత్తం అమ్మి బయట ఉండిపోయినవాళ్లకి 7,96,000 ఉంటాయి.

ఈ మూడు సంఖ్యల్ని జాగ్రత్తగా చూడండి. రీబ్యాలెన్స్ చేసినందుకు దక్కింది 42,000. అడుగున అమ్మకుండా ఉన్నందుకు దక్కింది రెండు లక్షల పైన. రీబ్యాలెన్సింగ్ రాబడి పెంచుతుందని చాలాచోట్ల రాస్తారు. కొన్నిసార్లు పెంచుతుంది, కొన్నిసార్లు పెంచదు. దాని అసలు విలువ, భయపడే రోజున చేతికి ఒక పని ఇవ్వడం. అది కూడా అమ్మడానికి వ్యతిరేక దిశలో.

లెక్క ఇంకా అయిపోలేదు. ఇప్పుడు ఈక్విటీ వాటా 69 శాతం దాటింది, అంటే పై హద్దు 65 కూడా దాటింది. 60కి తేవాలంటే సుమారు 98,400 ఈక్విటీ అమ్మి బాండ్లలో పెట్టాలి. ఈ భాగం పడినప్పుడు కొనడం కంటే కష్టమని నా అనుభవం. అందరూ సంతోషంగా ఉన్నప్పుడు పెరుగుతున్నదాన్ని అమ్మాలి. ఇక్కడ జారిపోతే తర్వాతి పతనంలో మీ 60 నిజానికి 70 అయి ఉంటుంది, నష్టం మీరు రాసుకున్న దానికంటే పెద్దదవుతుంది.

ఉదాహరణలో అడుగు రోజునే సరిచేసినట్టు చూపించాను. నిజంగా మీ 5వ తేదీ అడుగున పడదు, ముందో వెనకో పడుతుంది. వచ్చేది 42,000 కంటే బాగా తక్కువ కూడా ఉండొచ్చు. అడుగు కోసం వెతకడం ఈ పేజీ పని కాదు.

సరిచేశాక మార్కెట్ ఇంకా పడితే?

నష్టం ఇంకొంచెం పెరుగుతుంది. పై లెక్కలోనే, రీబ్యాలెన్స్ చేశాక ఈక్విటీ మరో 30 శాతం పడిందనుకోండి. మీ మొత్తం సుమారు 6,52,700 అవుతుంది. ఏమీ చేయకపోయి ఉంటే 6,77,200 ఉండేది. తేడా 24,500. దీన్ని ముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేకపోతే ఆ రోజు నియమమే తప్పనిపిస్తుంది.

ఇంకో హద్దు కూడా ఉంది. పడిన మార్కెట్ తిరిగి లేస్తుందన్న నమ్మకం మీద ఈ పద్ధతి నిలబడి ఉంది. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని 2024 ఫిబ్రవరిలో గానీ దాటలేదు. 34 ఏళ్లు! కాబట్టి ఈక్విటీ భాగం ఒకే దేశంలో, ఒకే రంగంలో ఉండకూడదని పేజీలో రాయాలి. ఒంటరి షేరుకి అయితే ఈ రీబ్యాలెన్సింగ్ నియమం అసలు వర్తించదు. సూచీ సున్నాకి వెళ్లదు, కంపెనీ వెళ్లగలదు. పడుతున్న ఒక్క కంపెనీ షేరుని 60 శాతానికి నింపుతూ పోతే ఉన్నదంతా అందులోకే వెళ్లిపోతుంది.

నాకు బంగారం 10 శాతమే ఉంది. 5 పాయింట్ల హద్దు మరీ వెడల్పు కాదా?

అవును. 10 లక్ష్యమైతే 5 పాయింట్లు అంటే అది సగమైపోయే దాకా కదలరు. ల్యారీ స్వెడ్రో అనే అమెరికన్ పెట్టుబడి రచయిత ప్రాచుర్యంలోకి తెచ్చిన 5/25 నియమం దీనికి సరిపోతుంది. 5 పాయింట్లు, లేదా లక్ష్యంలో నాలుగో వంతు, ఈ రెండింటిలో ఏది చిన్నదైతే అది హద్దు. 10 శాతం లక్ష్యానికి హద్దులు 7.5, 12.5 అవుతాయి. 20 శాతం, అంతకంటే పెద్ద వాటాలకి 5 పాయింట్లే వర్తిస్తాయి.

ప్రతిసారీ అమ్మితే పన్ను, ఖర్చులు పడతాయి కదా?

పడతాయి. అందుకే మొదట కొత్త డబ్బుతో సరిచేయాలి. పది లక్షల్లో ఈక్విటీ 57 శాతానికి వచ్చిందనుకోండి. ఏమీ అమ్మకుండా 60కి తేవాలంటే కొత్తగా 75,000 మొత్తం ఈక్విటీలోనే పెట్టాలి. నెలకి 20,000 పెట్టేవాళ్లకి నాలుగు నెలల పని. హద్దు దాటకముందే చిన్న తేడాలు ఇలా సర్దుకుపోతాయి. మొత్తం కోటికి చేరాక నెలకి 20,000 దేనికీ చాలదు, అప్పుడు అమ్మక తప్పదు. పన్ను తక్కువ పడే ఖాతా ఏదైనా ఉంటే అమ్మకాలు అందులో చేయాలని పేజీలో ఒక వాక్యం ఉంచండి. పన్ను భయంతో రీబ్యాలెన్సింగ్ ఏళ్లకేళ్లు వాయిదా వేయడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ధర ఉంటుంది.

నిజంగా పేజీ ఎలా ఉంటుందో చూపించండి.

నాది దాదాపు ఇలా ఉంటుంది. సంఖ్యలు మీవి పెట్టుకోండి.

1. ఈ డబ్బు 2041 తర్వాత నెలవారీ ఖర్చులకి. ఆరు నెలల ఖర్చు, మూడేళ్లలో కావలసిన డబ్బు ఇందులో లేవు.
2. లక్ష్యం: విస్తృత సూచీ ఈక్విటీ ఫండ్లు 60, బాండ్లు 40. ఈక్విటీ సగమై మొత్తం 30 శాతం తగ్గొచ్చని నాకు తెలుసు.
3. ప్రతి నెల 5న 20,000, వెనకబడిన దానిలోకి.
4. కొత్త రకం పెట్టుబడికి 30 రోజుల నిరీక్షణ, మూడు వాక్యాలు.
5. సొంత ఇష్టానికి 5 శాతం. పోతే నింపను, మించితే వెనక్కి తెస్తాను.
6. అమ్మడానికి కారణాలు నాలుగే: రీబ్యాలెన్సింగ్, లక్ష్యం, రాసుకున్న తప్పు నిజం కావడం, తక్కువ ఖర్చు ఫండ్.
7. 5వ తేదీన మాత్రమే వాటాలు చూస్తాను. 55 కింద, 65 పైన ఉంటే అయిదు పని దినాల్లో 60కి తెస్తాను.
8. 2036 నుంచి ఏటా జనవరిలో ఈక్విటీ లక్ష్యం 10 పాయింట్లు తగ్గుతుంది.
9. ఈ పేజీ మార్చడం ఏటా జనవరిలో మాత్రమే. మార్పు రాసిన 30 రోజుల తర్వాత అమలు.
10. ప్రతి లావాదేవీ పక్కన నియమం సంఖ్య రాస్తాను.

కింద తేదీ, నా సంతకం, నా భార్య సంతకం. ఇద్దరి డబ్బూ అయినప్పుడు ఇద్దరూ రాయాలి. పతనం మధ్యలో ఒకరు "అమ్మేయండి, మన డబ్బంతా పోతోంది" అన్నప్పుడు, వాదనకి బదులు ఇద్దరూ కలిసి చదవడానికి ఒక కాగితం ఉంటుంది.

జీవితం మారితే? అప్పటికీ జనవరి దాకా ఆగాలా?

ఉద్యోగం పోవడం, తీవ్రమైన అనారోగ్యం, పెళ్లి, విడాకులు, బిడ్డ పుట్టడం, ఇలాంటివి వెంటనే సవరించడానికి కారణాలు. వాటి జాబితా పేజీ వెనక రాసిపెట్టండి. మార్కెట్‌లో జరిగేది ఏదీ ఆ జాబితాలో ఉండకూడదు.

ఒక ఇబ్బందికరమైన సందర్భం ఉంది. పతనం మధ్యలో మీకు నిజంగా అర్థమవుతుంది, 60 నా స్థాయికి ఎక్కువని. అది అబద్ధం కాకపోవచ్చు. నిజంగా పోతున్నట్టు కనిపించిన డబ్బు, కాగితం మీద ఊహించిన దానికంటే బరువుగా ఉంటుంది. అయినా ఆ రోజు మార్చకండి. "గరిష్ఠం నుంచి 15 శాతానికి మించి పడి ఉన్నప్పుడు ఈక్విటీ లక్ష్యం తగ్గించను" అని పేజీలో ఉంటే, ఆ కోరికని తేదీ వేసి పక్కన రాసుకుని, మార్కెట్ కోలుకున్నాక తగ్గించవచ్చు. అప్పటికీ తగ్గించాలనిపిస్తే అది మీ స్వభావం. అనిపించకపోతే అది ఆ నెల భయం. మార్కెట్ వరుసగా ఏళ్లపాటు పెరిగాక లక్ష్యాన్ని 80కి పెంచాలనిపించడం కూడా ఇలాంటిదే. దాన్ని అంతే అనుమానంగా చూడాలి.

ఇది నిజంగా పని చేస్తోందని ఎలా తెలుస్తుంది?

రాబడి చూసి కాదు. రాబడి మార్కెట్‌ది. పదో నియమం చూడండి. ఒక నోటుబుక్‌లో తేదీ, ఏం చేశాను, ఏ నియమం ప్రకారం అని ఒక్కో వరుస. ఏడాది చివర సంఖ్య లేని వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నా మొదటి ఏడాదిలో ఏడు ఉన్నాయి. వాటిలో అయిదు ఒకే రకం, రాత్రి పది దాటాక ఫోన్‌లో చేసినవి. దాంతో ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేసి లావాదేవీలు కంప్యూటర్‌లో మాత్రమే చేయడం మొదలుపెట్టాను. మరుసటి ఏడాది ఆ సంఖ్య రెండుకి వచ్చింది.

లావాదేవీల సంఖ్య కూడా చూడాలి. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ 2000లో ప్రచురించిన పరిశోధనలో 1991 నుంచి 1996 వరకు 66,465 కుటుంబాల ఖాతాలు చూశారు. అందరికంటే ఎక్కువగా కొని అమ్మినవాళ్లకి ఏడాదికి 11.4 శాతం వచ్చింది. అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. పై నమూనా పేజీని అనుసరిస్తే నెలవారీ కొనుగోళ్లు పోను ఏడాదికి ఒకటో రెండో లావాదేవీలుంటాయి, కొన్నేళ్లు ఒక్కటీ ఉండదు.

నియమం తప్పాను. ఇప్పుడేం చేయాలి?

మొదట, చేసినదాన్ని కంగారుగా తిరగేయకండి. తప్పుగా అమ్మాక అదే గంటలో మళ్లీ కొనడం ఇంకో తొందరపాటు అవుతుంది, ఖర్చు రెండోసారి పడుతుంది. నోటుబుక్‌లో సంఖ్య స్థానంలో "లేదు" అని రాసి, ఆ సమయం, ఏం చదివారో లేక ఎవరితో మాట్లాడారో ఒక వాక్యం రాయండి. తర్వాత వచ్చే 5వ తేదీన మామూలుగా వాటాలు చూడండి. మీరు అమ్మినందువల్లే ఈక్విటీ 55 కిందికి పోయి ఉంటే, ఏడో నియమం మిమ్మల్ని తిరిగి కొనమంటుంది, ఆ రోజు ధర ఎంతున్నా సరే. 2020లో నా దగ్గర లేనిది ఆ ఒక్క వాక్యమే. ఎప్పుడు తిరిగి కొనాలో చెప్పేది ఏదీ లేక, ధర దిగుతుందని చూస్తూ నెలలు గడిపాను.